తొలి ఉద్యోగం.. జీతం ఖాతాకు ఏ పత్రాలు కావాలి? అద్దె గదిలో ఉంటే ఏం చేయాలి?

కొత్తగా ఉద్యోగంలో చేరగానే హెచ్‌ఆర్‌ అడిగే మొదటి వివరం బ్యాంకు ఖాతా నంబరు. పులివెందుల నుంచి వచ్చి కర్నూలులో ఓ ప్రైవేటు షోరూంలో రూ.21 వేల జీతానికి చేరిన యువతినే ఉదాహరణగా తీసుకుందాం. ఆధార్‌లో ఉన్నది సొంతూరి చిరునామా. ఉంటున్నది కర్నూలులో అద్దె గదిలో. ఆమె బ్యాంకుకు ఏమేం తీసుకెళ్లాలి?

తప్పనిసరి పత్రాలు ఇవే

రిజర్వ్ బ్యాంక్ కేవైసీ నిబంధనల ప్రకారం గుర్తింపు, చిరునామాలకు ఒకే పత్రం సరిపోతుంది. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్‌కార్డు.. వీటిలో ఏదైనా ఇవ్వొచ్చు. దీంతోపాటు పాన్, ఇటీవల తీయించుకున్న ఫొటో ఉండాలి. ఇంతవరకు పాన్ తీసుకోని వారు, ఆధార్‌కు మొబైల్ నంబరు లింక్ అయి ఉంటే, ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఈ-పాన్‌ను ఉచితంగా పొందవచ్చు.

మరి ఆఫర్ లెటర్, కంపెనీ ఐడీ కార్డు ఎందుకు? అవి గుర్తింపు పత్రాలు కావు. మీకు జీతం ఖాతా సదుపాయాలు ఇవ్వాలా, మామూలు పొదుపు ఖాతా తెరవాలా అన్నది తేల్చుకోవడానికి బ్యాంకు వాటిని అడుగుతుంది. అవి ఆలస్యమైనా పొదుపు ఖాతా తెరవడానికి అడ్డంకి ఉండదు.

చిరునామా వేరైతే..

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. గుర్తింపు పత్రంలో ప్రస్తుత చిరునామా లేకపోతే రెండు నెలలు దాటని కరెంటు, నీటి, ఫోన్ లేదా పైపు గ్యాస్ బిల్లు, లేదంటే ఇంటి పన్ను రసీదు తాత్కాలికంగా చూపొచ్చు. ఆ తర్వాత మూడు నెలల్లోపు కొత్త చిరునామా ఉన్న గుర్తింపు పత్రం ఇవ్వాలి.

కానీ అద్దె గదికి వచ్చే ఎస్‌పీడీసీఎల్ కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. యజమానితో రాసుకున్న మామూలు అద్దె ఒప్పందం ఈ జాబితాలో లేదు. వసతి కేటాయించినట్లు యాజమాన్యం ఇచ్చే లేఖకు కూడా షరతు ఉంది. అది ప్రభుత్వ శాఖ, ప్రభుత్వ రంగ సంస్థ, బ్యాంకు లేదా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ ఇచ్చినదై ఉండాలి. ఊళ్లోని షోరూం లెటర్‌హెడ్ మీద రాసిస్తే చెల్లదు.

దీనికి తేలికైన దారి ఒకటుంది. బ్యాంకులో ఆధార్‌తో ఈ-కేవైసీ చేయించుకుంటే, ప్రస్తుతం ఉంటున్న చిరునామాను స్వయంగా రాసి సంతకం చేసిన ప్రకటన ఇవ్వొచ్చు. నిబంధనలే దీనికి వీలు కల్పించాయి. మన ఉదాహరణలోని యువతి కర్నూలు శాఖలో వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించుకుని, గది చిరునామాతో ఈ ప్రకటన ఇస్తే సరిపోతుంది. ఆధార్‌లో ఊరి చిరునామా అలాగే ఉండొచ్చు.

ఓటీపీతో తెరిచిన ఖాతాకు పరిమితులు

శాఖకు వెళ్లకుండా, వీడియో కాల్ కూడా లేకుండా, కేవలం ఆధార్ ఓటీపీతో ఖాతా తెరవొచ్చు. అయితే అందులో నిల్వ రూ.లక్ష దాటకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో జమలు మొత్తం రూ.2 లక్షలు మించకూడదు. ఏడాదిలోగా పూర్తి కేవైసీ చేయించుకోకపోతే ఖాతా మూసేస్తారు.

ఆ యువతి ఏప్రిల్‌లో చేరి ఇలాంటి ఖాతానే ఇచ్చిందనుకోండి. తొమ్మిది నెలల జీతం రూ.1,89,000. డిసెంబరు దాకా ఇబ్బంది లేదు. జనవరి జీతం పడితే మొత్తం రూ.2,10,000 అవుతుంది. పరిమితి దాటుతుంది కాబట్టి ఆ నెల జీతం ఖాతాలో పడకుండా వెనక్కి వెళ్లే ప్రమాదం ఉంది.

మీ ఖాతా ఏ రకమో తెలియకపోతే, తెరిచిన రోజును గుర్తుచేసుకోండి. వేలిముద్ర వేయలేదు, బ్యాంకు అధికారితో వీడియోలో మాట్లాడలేదు, అసలు పత్రాలు ఎవరికీ చూపలేదు అంటే అది ఓటీపీ ఖాతా అయ్యే అవకాశమే ఎక్కువ. ఆధార్, పాన్‌తో శాఖకు వెళ్లి పూర్తి కేవైసీ చేయించుకోండి. బ్యాంకు వీడియో కేవైసీ ఇస్తుంటే అదీ చెల్లుతుంది. దాన్ని నేరుగా వెళ్లినట్లే పరిగణిస్తారు. వీడియోలో చూపడానికి పాన్ దగ్గర ఉంచుకోవాలి.

పేరు ఒకేలా ఉందా?

బయల్దేరే ముందు ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, మరోదానిలో ఒక్క అక్షరంగా ఉంటే ఆన్‌లైన్ పరిశీలనలో తిరస్కరించే వీలుంది. ఏ కార్డులో తప్పుందో ముందు దాన్నే సరిచేయించుకోవాలి.

పత్రాలన్నీ ఉన్నా తిప్పి పంపితే?

కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు.