ఎంత అమ్ముడవుతుందన్నదే కాదు, ఎంత నిలకడగా అమ్ముడవుతుందన్నది కూడా

ఆదోని మార్కెట్ యార్డుకు కొత్త పత్తి రావడం మొదలయ్యాక ఊళ్లోని అంగళ్ల అమ్మకాల తీరే మారిపోతుంది. వేసవిలో ఎవరూ అడగని టార్పాలిన్ పట్టలు అక్టోబరులో వరుసగా వెళ్లిపోతాయి. పశువులకు పెట్టే పత్తి చెక్క మాత్రం ఏ నెలయినా దాదాపు ఒకే లెక్కన పోతుంది. బోరు మోటారు సంగతి వేరు. రెండు నెలలు ఒక్కటీ కదలదు, మూడో నెలలో ఒక్కసారిగా ఆరు కావాలంటారు. మూడూ ఒకే అంగడి సరుకులే అయినా, మూడింటినీ ఒకే పద్ధతిలో తెప్పించే యజమాని ఒకచోట డబ్బు ఇరికించుకుంటాడు, ఇంకోచోట రైతును ఉత్త చేతులతో పంపిస్తాడు.

సరుకు నిర్వహణలో పాత పద్ధతి ఏబీసీ. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన ఫోర్డ్ డికీ 1951లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఏడాదిలో ఒక్కో సరుకు ఎంత విలువకు అమ్ముడైందో చూసి, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా పేర్చుతారు. పైనుంచి కూడుకుంటూ వస్తే, మొత్తం అమ్మకంలో సుమారు 80 శాతం వచ్చే దాకా ఉన్న కొద్ది సరుకులు ఏ తరగతి, తర్వాతి 15 శాతం బీ, మిగిలిన చిన్నాచితకా అంతా సీ. ఏ తరగతి సరుకుల మీద యజమాని రోజూ కన్నేసి ఉంచాలి, సీ సరుకులకు అంత శ్రద్ధ అక్కర్లేదు.

అయితే డబ్బు ఎక్కడుందో చెప్పే ఈ పద్ధతికి, ఆ సరుకును రేపు ఎంతమంది అడుగుతారో ఊహించగలమా లేదా అన్నది పట్టదు. ఎక్స్‌వైజెడ్ విభజన వచ్చింది దానికోసమే. నెలవారీ అమ్మకాలు సగటు చుట్టూ ఎంత ఊగుతున్నాయో చూసి, నిలకడ సరుకును ఎక్స్ అని, మధ్యస్థంగా ఊగేదాన్ని వై అని, పట్టు చిక్కనిదాన్ని జెడ్ అని అంటారు. మన దేశంలోని కొన్ని వాణిజ్య పాఠ్యపుస్తకాల్లో ఇదే పేరుతో మరో విభజన కూడా కనిపిస్తుంది, గోడౌన్‌లో మిగిలి ఉన్న నిల్వ విలువను బట్టి చేసేది. దానికీ ఇక్కడి లెక్కకూ సంబంధం లేదు.

ఊగిసలాటను కొలవడానికి ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తారు. దీన్నే విచలన గుణకం అంటారు. పన్నెండు నెలల అమ్మకాలు కంప్యూటర్‌లో ఒకే వరుసలో ఉంటే ఈ ఒక్క సూత్రం చాలు:

```
=STDEV.P(B2:M2)/AVERAGE(B2:M2)
```

గీత ఎక్కడ గీయాలన్నదానికి శాసనమేమీ లేదు. నెలవారీ లెక్కలకు చాలామంది 0.5 లోపు ఎక్స్, 0.5 నుంచి 1 దాకా వై, 1 దాటితే జెడ్ అనుకుంటారు. ఇంకా బిగువుగా గీసేవాళ్లూ ఉన్నారు.

ఒక ఊహా అంగడిని తీసుకుందాం. ఆదోనిలో వ్యవసాయ సామాన్లు అమ్మే దుకాణం, ఏడాది అమ్మకం 60 లక్షల రూపాయలు. పత్తి చెక్క నెలకు సగటున 200 బస్తాలు పోతుంది, బస్తా 1,500 రూపాయల చొప్పున ఏడాదికి 36 లక్షలు. టార్పాలిన్ పట్టలు 360, ఒక్కోటి 2,000 రూపాయల వంతున 7 లక్షల 20 వేలు. బోరు మోటార్లు 16, ఒక్కోటి 30,000 లెక్కన 4 లక్షల 80 వేలు. ఈ మూడూ కలిస్తే 48 లక్షలు, అంటే సరిగ్గా 80 శాతం. ఏబీసీ ప్రకారం మూడూ ఏ తరగతే, మూడింటికీ ఒకటే మర్యాద.

ఇప్పుడు నెలల వారీగా చూద్దాం. పత్తి చెక్క ఏ నెలా 190కి తగ్గలేదు, 210 దాటలేదు. విచలన గుణకం 0.04, పక్కా ఎక్స్. మోటార్లు జూన్ నుంచి మే దాకా ఇలా అమ్ముడయ్యాయి: 0, 3, 0, 0, 1, 0, 0, 6, 0, 0, 5, 1. గుణకం 1.54, సందేహం లేకుండా జెడ్. పట్టల వరుస ఇది: 10, 10, 10, 30, 90, 110, 60, 20, 10, 5, 5, 0. గుణకం 1.17. అంటే ఇదీ జెడ్డే!

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. జెడ్ సరుకును ముందుగా నిల్వ పెట్టొద్దు, అడిగినప్పుడు తెప్పించు అని పుస్తకాలు చెబుతాయి. ఆ మాట విని పట్టలు తెప్పించకపోతే అక్టోబరులో యార్డు పత్తితో నిండినప్పుడు అంగడి ఖాళీగా ఉంటుంది. పట్టల గిరాకీ ఊగుతున్నది నిజమే. కానీ అక్టోబరు, నవంబరుల్లో పెరుగుతుందని ఆదోనిలో తెలియనిదెవరికి? ఎంత ఊగుతోందన్నది ఒక ప్రశ్న, ముందుగా ఎంత తెలియదన్నది వేరే ప్రశ్న. నిల్వ పెట్టేవాడికి కావలసింది రెండోదానికి జవాబు.

అందుకే ఈ ఏడాది అమ్మకాలను వాటి సగటుతో కాక, నిరుటి అదే నెలతో పోల్చాలి. నిరుడు పట్టలు ఇలా పోయాయనుకుందాం: 12, 9, 8, 27, 96, 104, 64, 18, 11, 6, 4, 1. నెలకు నెల తేడా తీసి, ఆ తేడాల వర్గాల సగటుకు వర్గమూలం కట్టి, నెలవారీ సగటు 30తో భాగిస్తే 0.10 వస్తుంది. జెడ్ అనుకున్నది కాస్తా ఎక్స్ సరుకై కూర్చుంది.

మోటార్లకూ ఇదే చేసి చూడండి. నిరుటి వరుస: 4, 0, 0, 2, 0, 0, 1, 0, 7, 0, 0, 2. నెలకు నెల పోలిస్తే వచ్చేది 2.58. మామూలు గుణకం 1.54 కన్నా ఎక్కువ! నిరుటి అదే నెలను నమ్ముకుని మోటార్లు తెప్పించేవాడు, ప్రతి నెలా సగటునే అనుకున్నవాడికన్నా ఎక్కువ తప్పుతాడు. అసలైన జెడ్‌ను గుర్తుపట్టడానికి ఇంతకు మించిన ఆనవాలు నాకు కనిపించలేదు: కాలాన్ని లెక్కలోకి తెచ్చినా తేడా తగ్గదు, పెరుగుతుంది. వోల్టేజీ దెబ్బకు ఏ రోజు ఎవరి మోటారు కాలుతుందో క్యాలెండర్‌కు తెలియదు కదా.

ఇక తెప్పించే పద్ధతి. పత్తి చెక్క ఊళ్లోని నూనె మిల్లు నుంచి మూడు రోజుల్లో వస్తుందనుకుంటే, ఆ మూడు రోజుల్లో పోయేది 20 బస్తాలు. గిరాకీ ఊగిసలాటకు నాలుగైదు బస్తాల అదనం సరిపోతుంది. కానీ మిల్లు రెండు రోజులు ఆలస్యం చేస్తే ఇంకో 13 కావాలి. ఎక్స్ సరుకుల్లో ప్రమాదం కొనేవాళ్ల వైపు నుంచి కాదు, పంపేవాళ్ల వైపు నుంచి వస్తుంది. కనుక నిల్వ 40కి తగ్గగానే ఆర్డర్ పెడితే నిశ్చింతగా ఉండొచ్చు. ఇది రాసిపెట్టుకుంటే యజమాని లేనప్పుడు గుమాస్తా కూడా చేయగల పని.

పట్టలకు అలాంటి ఒకే గీత పనికిరాదు. ఏడాది సగటు ప్రకారం నెలకు 30 అని గీత పెడితే మేలో అది ఎక్కువ, నవంబరులో పదిరోజులకు కూడా చాలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 260 పట్టలు పోతాయని రెండేళ్ల లెక్క చెబుతోంది. సెప్టెంబరు చివరికి 200 తెప్పించి, మిగిలిన 60కి యార్డుకు వచ్చే పత్తిని చూసి నిర్ణయించడం మేలు. పడమటి కర్నూలులో వానలు నమ్మదగినవి కావు. జూన్ వాన జూలైకి జరిగితే విత్తనం వెనకపడుతుంది, కోత వెనకపడుతుంది, పట్టల గిరాకీ కూడా నవంబరు నుంచి డిసెంబరుకు జరుగుతుంది. లెక్కలో అది పెద్ద తప్పుగా కనిపిస్తుంది. గిరాకీ ఎక్కడికీ పోలేదు, కాస్త జరిగింది అంతే. యార్డులో రోజూ దిగే పత్తి ఆ జరుగుడును క్యాలెండర్ కన్నా ముందే చెబుతుంది.

ఎమ్మిగనూరులో ఇదే చిక్కు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్య పౌర్ణమికి వస్తుంది. ఆ పౌర్ణమి 2024లో జనవరి 25న, 2025లో జనవరి 13న, 2026లో జనవరి 3న వచ్చింది. జాతరకు ముందు రెండు వారాల్లో అమ్ముడయ్యే పగ్గాలు, మువ్వలు 2024లో జనవరి ఖాతాలో పడితే, 2026కు ఎక్కువ భాగం డిసెంబరులోకి వెళ్లిపోతాయి. ఇంగ్లీషు నెలలతో పోలిస్తే నిలకడ సరుకు కూడా జెడ్‌గా తేలుతుంది. జాతరకు ఎన్ని వారాల ముందు అన్న లెక్కన పోల్చుకుంటే అసలు తీరు బయటపడుతుంది.

మరో పొరపాటు ఖాతా పుస్తకంలోనే దాగి ఉంటుంది. నవంబరు 20న పట్టలు అయిపోయాయనుకోండి. ఖాతాలో ఆ నెల 70 అని పడుతుంది. అడిగి వెళ్లిపోయిన 40 మంది ఎక్కడా నమోదు కారు. వచ్చే ఏడు ఆ 70నే నమ్మి తెప్పిస్తే మళ్లీ కరువే. పుస్తకంలో ఉన్నది అమ్మకం, మనకు కావలసింది గిరాకీ. సరుకు నిండుకున్న రోజులను పుస్తకంలో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఆ నెలను లెక్కించేటప్పుడు సరుకున్న రోజుల సగటుతో సవరించుకోవాలి. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. ఒక కాంట్రాక్టరు ఒకేసారి 50 పట్టలు కొంటే ఆ నెల అంకె ఉబ్బుతుంది. అతను మళ్లీ వస్తాడన్న నమ్మకం లేనప్పుడు ఆ 50ని విడిగా రాసి, వరుసలోంచి తీసేయాలి.

ఇక మోటార్లు. ఇలాంటి ఏ-జెడ్ సరుకు దగ్గరే డబ్బు ఎక్కువగా ఇరుక్కుంటుంది. ఆరేడు మోటార్లు పేర్చుకుంటే రెండు లక్షలు మూలన పడి ఉంటాయి. ఒక్కటీ లేకపోతే పైరు ఎండుతున్న రైతు ఇంకో అంగడికి పోతాడు. దీనికి విడిభాగాలు పూర్తిగా భిన్నం. స్టార్టర్ కెపాసిటర్ కూడా ఎప్పుడు అడుగుతారో తెలియదు, కానీ వంద, రెండు వందల సరుకు. ఇలాంటి సీ-జెడ్ వస్తువులు ధారాళంగా పదో పదిహేనో పెట్టుకోవచ్చు, లెక్కలు కట్టడానికి పోయే సమయమే వాటికన్నా ఖరీదు.

మోటార్లకు పనికొచ్చే ఉపాయం రెండు ఊళ్ల మధ్య ఉంది. ఎమ్మిగనూరు ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు, సగం పూటలో బండి వెళ్లి రావచ్చు. మన అంగడికి నెలవారీ ప్రామాణిక విచలనం సుమారు 2 మోటార్లు. ఎమ్మిగనూరులోని మరో అంగడికీ అంతే అనుకుందాం. విడివిడిగా నిల్వ పెడితే ఇద్దరూ కలిసి 4 మోటార్ల ఊగిసలాటకు సిద్ధపడాలి. ఒకే నిల్వను పంచుకుంటే విచలనాల వర్గాలు కలుస్తాయి: 4, 4 కలిపి 8, దాని వర్గమూలం 2.8. ఒకరి దగ్గర ఎక్కువ పోయిన నెలలో రెండోవారి దగ్గర తక్కువ పోవచ్చు గనుక, ఒక మోటారుకు పైగా పెట్టుబడి మిగులుతుంది. ఇద్దరు యజమానుల మధ్య మాట కుదరాలి, ఎవరి దగ్గర ఏ హార్స్‌పవర్ మోటారు ఉందో ఇద్దరికీ రోజూ తెలియాలి.

రెండు ఊళ్ల గిరాకీలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగినప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. భూగర్భజలం రెండు చోట్లా ఒకేసారి అడుగంటిన ఏడాది ఇద్దరి దగ్గరా ఒకే వారంలో మోటార్లు అడుగుతారు, అప్పుడు పంచుకోవడానికి ఏమీ మిగలదు. ఫిబ్రవరిలోనే బోర్ల నీళ్లు తగ్గుతున్నాయని రైతులు చెప్పడం మొదలుపెడితే, ఆ వేసవికి ఒప్పందాన్ని పక్కనపెట్టి ఎవరి అంగడిలో వారు ఒకటి రెండు అదనంగా ఉంచుకోవాలి. జూన్ వానలు పడ్డాక మళ్లీ ఉమ్మడి నిల్వకు రావచ్చు.