పీర్ల పండుగ మీద పరిశోధన: పూర్వ రచనల సమీక్ష రాసే తీరు

ఎం.ఏ. విద్యార్థి సమర్పించే పరిశోధనా వ్యాసంలో పూర్వ రచనల సమీక్ష ఒక అధ్యాయం. ఎంచుకున్న విషయం మీద ఇదివరకు ఎవరేం తేల్చారు, వాళ్లకూ వాళ్లకూ ఎక్కడ పొసగలేదు, కొత్త పరిశోధన ఆ పేచీలో ఎక్కడ నిలబడుతుంది అన్నవి చెప్పడం దాని పని. 15,000 మాటల వ్యాసమైతే ఇందుకు మహా అయితే మూడు వేల మాటలు కేటాయించవచ్చు. మత అధ్యయనంలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఒకే పుస్తకం ఒక పేజీలో పరిశోధనగా పనికొస్తే, మరో పేజీలో పరిశోధించాల్సిన వస్తువుగా మారుతుంది. తెలంగాణ పల్లెల్లో మొహర్రం రోజుల్లో జరిగే పీర్ల పండుగను ఎంచుకున్న విద్యార్థికి ఇది వెంటనే ఎదురవుతుంది.

‘పీర్ల పండుగ’ అన్నది విషయమే కానీ ప్రశ్న కాదు. దాన్నే పట్టుకుని చదవడం మొదలుపెడితే షియా చరిత్ర నుంచి జానపద గేయాల దాకా అన్నీ చదవాల్సినవే అనిపిస్తాయి. ‘ముస్లిం కుటుంబాలు లేని ఊళ్లో పీర్లను ఎత్తుకునేవాళ్లు దాన్ని ఎవరి పండుగ అనుకుంటారు?’ అని అడిగితే చదవాల్సినదానికి ఒక హద్దు ఏర్పడుతుంది. కర్బలా యుద్ధ చరిత్రకు అప్పుడు ఒక పేరా చాలు. హిందువులూ ముస్లింలూ కలిసి కొలిచే స్థలాల మీద జరిగిన చర్చ మాత్రం వదలకుండా చదవాలి.

వెతకడంలో మొదటి అడ్డంకి స్పెల్లింగు. ఈ పండుగ పేరును బ్రిటిష్ కాలపు రచనల్లో ఒకలా, ఈనాటి పత్రికల్లో ఇంకోలా రాశారు. ఒక్క రూపంతో వెతికితే సగం సామగ్రి కంటపడదు. జేస్టోర్ లాంటి చోట్ల ఇలా వెతకవచ్చు:

```
(Muharram OR Moharram OR Mohurrum) AND (Telangana OR Andhra OR Deccan)
```

మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు చాలావరకు శోధ్‌గంగలో దొరుకుతాయి. ఒక మంచి పుస్తకం చేతికందాక, అది ఎవరెవరిని ఉటంకించిందో వెనక్కి, దాన్ని తర్వాత ఎవరు ఉటంకించారో ముందుకి చూసుకుంటూ పోవాలి. కొత్తగా తెరిచిన వ్యాసాల్లోనూ తెలిసిన పేర్లే వస్తూ, వాదనలో కొత్తదేమీ కనిపించనప్పుడు వెతుకులాట ఆపవచ్చు.

దొరికినవాటిని తర్వాత వేరు చేయాలి. 1832లో అచ్చయిన ‘కానూన్-ఎ-ఇస్లాం’ దక్కన్ ముస్లింల ఆచారాల మీద తరచూ ఉటంకించే పుస్తకం. జాఫర్ షరీఫ్ దాన్ని హెర్‌క్లాట్స్ అనే వైద్యుడి పర్యవేక్షణలో రాశాడు, ఇంగ్లిషులోకి తెచ్చింది హెర్‌క్లాట్సే. 1921లో విలియం క్రూక్ దాన్ని సవరించి, కొన్ని చేర్పులతో మళ్లీ వెలువరించాడు. అంటే అందులో వినిపించేది ఒక్క గొంతు కాదు. 1921 ప్రతిలోని వాక్యాన్ని 1832 నాటి సాక్ష్యంగా చూపితే పరీక్షకుడు పట్టుకుంటాడు. పైగా ఆనాటి ఆచారాలకు అది ఆధారమే తప్ప, నేటి పండితుల చర్చలో ఒక పక్షం కాదు. ‘ఇది ఇస్లాంలో లేని ఆచారం’ అంటూ మతపెద్దలు రాసిన కరపత్రానికీ ఇదే వర్తిస్తుంది. ఆ మాట నిజమా కాదా అని తీర్పు చెప్పడం విద్యార్థి పని కాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరిని ఉద్దేశించి అన్నారో చూడాలి. కాబట్టి కరపత్రం చేరాల్సింది క్షేత్ర సామగ్రిలోకే.

అసలు సమీక్ష పండితుల మధ్య తేడా దగ్గర మొదలవుతుంది. 2002లో రాబర్ట్ హేడెన్ మహారాష్ట్రలోని మఢీ క్షేత్రాన్నీ బాల్కన్ ప్రాంతాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండు మతాలవాళ్లు ఒకే స్థలాన్ని పంచుకుంటున్నారంటే అక్కడ సామరస్యం ఉందని కాదు, పోటీ సాగుతోందని. ఓర్పుగా కనిపించేది చాలాసార్లు ఎదుటివాళ్ల జోలికి పోకపోవడమేనని వాదించాడు. అనా బిగెలో 2010 నాటి పుస్తకంలో పంజాబులోని మలేర్‌కోట్లాను తీసుకుంది. 1947 మారణకాండలో కూడా పెద్దగా నెత్తురు పారని ఆ పట్టణంలో, కలిసి బతకడం జనం రోజూ పనిగట్టుకుని చేసుకునేదని చూపింది. అఫ్సర్ మహమ్మద్ 2013లో అనంతపురం ప్రాంతపు గూగూడు కుళ్లాయప్ప పీర్ల మీద రాశాడు. స్థానిక భక్తిని పట్టించుకుంటూనే, ‘అసలైన ఇస్లాం’ పేరుతో ఆ పండుగ మీద వచ్చే విమర్శనూ లెక్కలోకి తీసుకున్నాడు. వీటికి వెనక, రెండు మతాల ‘కలగలుపు’ అనే భావన మీదే అనుమానం లేవనెత్తిన రచన ఒకటుంది. 2001లో టోనీ స్టీవార్ట్ పాత బెంగాలీ రచనలను పరిశీలించి, వాటిని మిశ్రమంగా కాక ఒక మతపు భావానికి మరో మతంలో సాటి మాట వెతుక్కున్న ప్రయత్నంగా చదవమన్నాడు.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇలా రాస్తారు:

‘హేడెన్ (2002) పంచుకున్న స్థలాల గురించి రాశారు. బిగెలో (2010) మలేర్‌కోట్లా గురించి రాశారు. అఫ్సర్ (2013) గూగూడు గురించి రాశారు.’

ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. అయినా ఇది సమీక్ష కాదు, జాబితా. వాక్యాల వరస తారుమారు చేసినా అర్థం మారకపోవడమే దానికి గుర్తు. అదే సామగ్రితో ఇలా రాయవచ్చు:

‘పంచుకోవడం పోటీకి ముసుగని హేడెన్ (2002) అంటే, అది జనం పూనుకుని నిలుపుకునేదని బిగెలో (2010) అంటుంది. ఇద్దరి వాదనలోనూ రెండు వర్గాలూ ఎదురెదురుగా ఉంటాయి. పీర్లను ఎత్తేవాళ్లంతా హిందువులే అయిన ఊళ్లో పోటీ ఎవరితో, ఒప్పందం ఎవరితో అన్న ప్రశ్నకు ఈ రెండు నమూనాలూ నేరుగా జవాబివ్వవు.’

రెండో పేరాలో పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. పరిశోధనకు దొరికిన ఖాళీ కూడా ఆ మాటల్లోంచే వచ్చింది. ‘ఫలానా ఊరి మీద ఇంతవరకు ఎవరూ రాయలేదు’ అన్నది ఖాళీ అనిపించుకోదు. ఎవరూ రాయని ఊళ్లు వేలున్నాయి. ఉన్న వాదనలను ఆ ఊరు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చెప్పగలిగితేనే అది ఖాళీ. అదీ ‘సమీక్షించిన రచనల మేరకు’ అన్న హద్దులో చెప్పాలి. లేకపోతే పరీక్షకుడికి తెలిసిన ఒక్క వ్యాసంతో వాదనంతా కూలిపోతుంది.

ఇలాంటి పేరా రాయాలంటే చదివేటప్పుడే నోట్సును అందుకు తగ్గట్టు పెట్టుకోవాలి. ప్రతి రచనకూ అది అడిగిన ప్రశ్న, చూపిన ఆధారం, తేల్చిన మాట, ఎవరితో విభేదించింది అన్న నాలుగు గళ్లు చాలు. వీటిలో ఆధారం గడిని తేలిగ్గా తీసుకోకూడదు. స్టీవార్ట్ ఆధారం రాతప్రతులు, బిగెలో ఆధారం క్షేత్రపరిశీలన. బెంగాలీ కవి చేసిన పనిని చావిడి ముందు నిప్పుల గుండం తొక్కే మనిషికి ఆపాదించాలంటే ముందు కారణం చూపాలి. నాలుగో గడి వరుసగా ఖాళీగా ఉంటే, చదివింది సారాంశాలూ ముందుమాటలే అనుకోవచ్చు.

క్షేత్రపర్యటన తర్వాత ఈ అధ్యాయాన్ని తిరగరాయక తప్పదు. పీర్లను ఎత్తే హక్కు ఏ కులానిదన్న తగాదానే ఊరివాళ్లకు ముఖ్యమని అక్కడ తేలితే, హిందూ-ముస్లిం చర్చను కుదించి, కులానికీ ఊరి పండుగ హక్కులకూ సంబంధించిన రచనలకు చోటివ్వాలి. అప్పటికే చదివి నోట్సు రాసుకున్న పుస్తకాల్లో కొన్ని అలా పక్కకు పోతాయి. విశ్లేషణలో మళ్లీ పేరెత్తని రచన సమీక్షలోనూ అక్కర్లేదు.