కుడి మూల పగులు

మా పిన్ని కొన్న వాషింగ్ మెషీన్ పెట్టె విప్పేసరికి, పైన బటన్లుండే ప్యానెల్ కుడి మూల నుంచి వేలెడు పొడవున చీలి ఉంది. తెచ్చిన వ్యాన్ అప్పటికి వీధి మలుపు కూడా దాటి ఉండదు. షాపుకు ఫోన్ చేస్తే, "కంపెనీ వాళ్ళకి కంప్లైంట్ ఇవ్వండమ్మా, మెకానిక్ వచ్చి చూస్తాడు" అన్నారట. సరేనని పెట్టేసి నాకు చేసింది.

ఆ 'సరే' దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. కంపెనీ వారంటీ తయారీలో వచ్చిన లోపాలకు. పగుళ్ళు, సొట్టలు మామూలుగా 'ఫిజికల్ డ్యామేజీ' కింద అందులోంచి తీసేస్తారు. వచ్చిన మెకానిక్ తన కాగితం మీద ఆ రెండు మాటలే రాసి వెళ్ళాడంటే, పగులు ఎవరి చేతిలో వచ్చిందన్న సంగతి మరుగున పడుతుంది. పిన్ని అడగాల్సింది రిపేరు కాదు. మంచి సరుక్కి డబ్బు కట్టింది, పగిలింది వచ్చింది, మార్చాలి. ఆ మాట డబ్బు తీసుకున్న షాపుకే చెప్పాలి.

"ప్లగ్గు పెట్టావా పిన్నీ?"

"లేదురా, పైపు కూడా తగిలించలేదు."

"అలాగే ఉంచు. అట్టపెట్టె పారేయకు."

వెళ్ళి చూస్తే అసలు సాక్ష్యం ఆ అట్టపెట్టెలోనే ఉంది. దాని కుడి మూల లోపలికి నొక్కుకుపోయింది. ఆ మూలనే థర్మకోల్ రెండు ముక్కలైంది. దాని కిందనే పగులు. మూడూ ఒకే చోట ఉన్నాయంటే దెబ్బ పెట్టెలో ఉండగానే తగిలిందన్నమాట. మూడూ ఒకే ఫోటోలో పడేలా తీశాను. మెషీన్ వెనక స్టిక్కరు మీది సీరియల్ నంబరుకు ఇంకొకటి.

ఉత్తరం పిన్ని అప్పటికే మొదలుపెట్టింది. "మీ మీద నమ్మకంతో కొంటే మోసం చేశారు, తగిన చర్య తీసుకోగలరు" అని. కోపం న్యాయమే. కానీ 'తగిన చర్య' అంటే ఏం చేయాలో వాళ్ళే తేల్చుకుంటారు. పగులుకు టేపు అంటించినా చర్యే. తిరిగి రాశాం:

"అయ్యా, 10వ తేదీన మీ షాపులో రూ. 18,500కు కొన్న 7 కిలోల టాప్ లోడ్ వాషింగ్ మెషీన్ 12వ తేదీ సాయంత్రం మీ వ్యాన్‌లో మా ఇంటికి వచ్చింది. బిల్లు నంబరు, సీరియల్ నంబరు పైన రాశాను. అరగంటలోపు పెట్టె విప్పగా కంట్రోల్ ప్యానెల్ కుడి మూల పగిలి ఉంది. అదే మూల అట్టపెట్టె నొక్కుకుపోయి, థర్మకోల్ విరిగి ఉంది. వెంటనే మీకు ఫోన్ చేశాను. మెషీన్‌కు కరెంటు ఇవ్వలేదు, వాడలేదు. దీన్ని నేను స్వీకరించడం లేదు. 20వ తేదీలోగా అదే మోడల్ కొత్తది ఇచ్చి, దీన్ని మీ ఖర్చుతో తీసుకెళ్ళండి. లేదా కట్టిన డబ్బు వాపసు ఇవ్వండి. బిల్లు నకలు, ఫోటోలు జతచేశాను."

అందులో బరువంతా 'స్వీకరించడం లేదు' అన్న మాట మీదే. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం ప్రకారం, ముందు చూడని సరుకును పరిశీలించే అవకాశం వచ్చేదాకా కొన్నవాడు దాన్ని అంగీకరించినట్టు కాదు. అయితే ఏమీ చెప్పకుండా చాలా రోజులు ఉంచుకుంటే అంగీకరించినట్టే. అందుకే ఆ మాట, ఆ తొందర. వద్దన్న సరుకును మనమే మోసుకెళ్ళి ఇవ్వక్కర్లేదు, వద్దని తెలియజేస్తే చాలునని కూడా అదే చట్టం చెబుతుంది.

ఉత్తరాన్ని వాట్సాప్‌లో పంపి, స్పీడ్ పోస్టులోనూ వేశాం. మర్నాడు షాపు నుంచి ఫోన్. బిల్లు కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చయి ఉందన్నారు. పైగా డెలివరీ చలానా మీద 'బాగానే అందింది' అన్నచోట పిన్ని సంతకం ఉందట. సంతకం నిజమే. పక్కన 'పెట్టె విప్పి చూడలేదు' అని ఓ ముక్క రాసి ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. మూసిన పెట్టె మీద పెట్టిన సంతకం లోపలి ప్యానెల్‌కు సాక్ష్యం కాదని చెప్పాను. బిల్లు మీది అచ్చు సంగతికొస్తే, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని మొండికేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా తేల్చాలి.

"ప్యానెల్ ఒక్కటీ మార్చేస్తాం" అన్నారు ఆఖరికి. ఒప్పుకునేవాళ్ళు ఒప్పుకోవచ్చు, రెండు రోజుల్లో బట్టలు ఉతుక్కోవచ్చు. పిన్ని ఒప్పుకోలేదు. అంత దెబ్బ తగిలితే ప్యానెల్ కింద సర్క్యూట్ బోర్డుకు ఏమైందో విప్పితేగానీ తెలియదు. గడువు దాటితే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేస్తామన్నాం. ఆపైన జిల్లా కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ దాకా గడువుంది.

అంతదాకా పోలేదు. 19వ తేదీన కొత్త మెషీన్ వచ్చింది. వ్యాన్ అబ్బాయి చలానా, పెన్ను చాపాడు. పిన్ని లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది.