ఇసుక తడి కూడా రాయాలి

సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకు థర్మల్ కేంద్రాల బూడిద అంటే ఫ్లైయాష్ కలిపి కాంక్రీటు చేయడం సివిల్ ఫైనలియర్ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే అంశం. ఇలాంటి రిపోర్టులో సిమెంటు బదులు 20 శాతం ఫ్లైయాష్ వాడాం, ఐఎస్ కోడ్ ప్రకారం క్యూబులు పోసి 28 రోజులకు పరీక్షించాం అని మాత్రమే రాస్తే, అది చదివి మరో బ్యాచ్ అదే కాంక్రీటు చేయలేదు.

ముందు ఆ 20 శాతం సంగతి చూద్దాం. అది బరువులోనా, ఘనపరిమాణంలోనా? ఫ్లైయాష్ సిమెంటు కన్నా తేలిక కాబట్టి రెండూ ఒకటి కావు. క్యూబిక్ మీటరుకు సిమెంటు 320 కిలోలు, ఫ్లైయాష్ 80 కిలోలు అని రాస్తే అనుమానం ఉండదు. ఫ్లైయాష్ ఏ కేంద్రం నుంచి వచ్చిందో, సిమెంటు ఏ రకమో, ఏ వారం తయారైందో కూడా చెప్పాలి.

అసలు చిక్కు నీళ్లతో వస్తుంది. ఈ మిశ్రమానికి 160 కిలోల నీళ్లు అనుకుందాం. సిమెంటు, ఫ్లైయాష్ కలిపి 400 కిలోలు గనుక నీటి నిష్పత్తి 0.40. ఇసుక 700 కిలోలు కావాలి. బయట కుప్పపోసిన ఇసుకకు 4 శాతం పైతడి ఉంటే, తూచిన 700 కిలోల్లోనే సుమారు 27 కిలోలు నీళ్లే. లెక్క సరిచేయకపోతే నిష్పత్తి 0.47కు చేరుతుంది, బలం పడిపోతుంది. విద్యార్థులేమో తప్పు ఫ్లైయాష్‌ది అనుకుంటారు. నిజానికి 728 కిలోల తడి ఇసుక తూచి, నీళ్లు 132 కిలోలే పోయాలి. ఇసుక బాగా ఎండితే ఇందుకు తిరగబడుతుంది, అదే నీళ్లు పీల్చేస్తుంది. అందుకే పోతపోసిన రోజు తడి ఎంతో, దాన్ని ఎలా కొలిచారో, నీళ్లు ఎంత తగ్గించారో రాయాలి. డిజైన్ పట్టిక ఒక్కటే ఇస్తే చాలదు, మిక్సర్‌లో నిజంగా వేసిన బరువుల పట్టిక పక్కనే ఉండాలి.

పరీక్ష దగ్గరా ఇంతే. 150 మిల్లీమీటర్ల క్యూబుపై భారాన్ని సెకనుకు దాదాపు 5.2 కిలోన్యూటన్ల చొప్పున పెంచాలి. తొందరపడి పెంచితే బలం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి వాడిన వేగం, క్యూబులు నానబెట్టిన నీటి వేడి, యంత్రాన్ని చివరిగా క్యాలిబ్రేట్ చేసిన తేదీ ఇవ్వాలి.

సగటు ఒక్కటే ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. మూడు క్యూబులు 38, 39, 29 మెగాపాస్కల్స్ ఇచ్చాయనుకోండి. సగటు 35.3 బాగానే కనిపిస్తుంది. కానీ మూడోది సగటుకు 18 శాతం దూరంలో ఉంది. కోడ్ ఒప్పుకునే తేడా 15 శాతమే, కనుక ఆ ఫలితాన్ని పక్కనపెట్టి మళ్లీ పోత పోయాలి. అలా పోశారన్న సంగతీ, ఆ మొదటి మూడు అంకెలూ మెథడాలజీలోనే ఉండాలి.