బరువు పక్కకు జరిగితే వెల్డు ఎంత మోస్తుంది?

ఒక వర్క్‌షాపు షెడ్డులో ఇనుప స్తంభం ఉంది. దానికి ఒక ఇనుప పలకను నిలువుగా ఆనించి, రెండు వైపులా 150 మి.మీ. పొడవున వెల్డు వేశారు. పలక బయటి కొసన చైన్ పుల్లీ తగిలించి 2 టన్నుల ఇంజన్లను పైకెత్తాలని ఆలోచన. ఈ వెల్డు ఆ బరువును మోస్తుందా?

రెండు పలకలు లంబంగా కలిసే మూలలో వేసే ఇలాంటి అతుకును ఫిల్లెట్ వెల్డు అంటారు. అడ్డంగా కోసి చూస్తే అది త్రిభుజంలా కనిపిస్తుంది. రెండు పలకల వెంట ఉండే భుజాలను లెగ్ అంటారు. వెల్డర్ గేజితో కొలిచేది దీన్నే. అయితే బలాన్ని తేల్చేది లెగ్ కాదు. మూల నుంచి ఏటవాలు ముఖం వరకు ఉండే అతి తక్కువ దూరమే బలాన్ని నిర్ణయిస్తుంది. దీని పేరు థ్రోట్, అంటే గొంతు. వెల్డు తెగితే సాధారణంగా ఈ ఇరుకు చోటే తెగుతుంది. లంబంగా కలిసే పలకలకు గొంతు మందం లెగ్‌లో 0.7 వంతు అని భారతీయ ప్రమాణం ఐఎస్ 800 చెబుతుంది. కాబట్టి 6 మి.మీ. లెగ్‌కు గొంతు 4.2 మి.మీ. మాత్రమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2 టన్నులంటే సుమారు 20,000 న్యూటన్లు. భద్రత కోసం దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి 30,000గా తీసుకోవాలి. రెండు వెల్డుల గొంతు వైశాల్యం 2 × 150 × 4.2, అంటే 1,260 చదరపు మి.మీ. కొక్కెం స్తంభాన్ని ఆనుకునే ఉంటే ప్రతి చదరపు మి.మీ. మీద పడేది 24 న్యూటన్లే. కర్మాగారంలో వేసిన వెల్డుకు, మామూలు ఉక్కుకైతే, ప్రమాణం అనుమతించే హద్దు సుమారు 189. భయమే లేదనిపిస్తుంది.

కాని కొక్కెం ఉన్నది స్తంభానికి 150 మి.మీ. దూరంలో. అప్పుడు బరువు వెల్డును కిందికి లాగడంతో సరిపెట్టుకోదు, పలకను ముందుకు వంచాలనీ చూస్తుంది. వెల్డు కింది కొస నొక్కుకుంటుంది, పై కొస స్తంభం నుంచి ఊడి రావడానికి లాగుతుంది. ఈ వంపు వల్ల పై కొసన పుట్టే ఒత్తిడి 143 న్యూటన్లు. ఇది, కిందికి లాగే 24 లంబ దిశల్లో ఉన్నాయి కాబట్టి నేరుగా కూడవు. ప్రమాణంలోని సూత్రం ప్రకారం కలిపితే 149 వస్తుంది. బరువు అదే, వెల్డు అదే. 150 మి.మీ. పక్కకు జరిగినందుకే ఒత్తిడి ఆరు రెట్లయింది.

149 కూడా హద్దులోపలే ఉంది. చిక్కు వచ్చేది పనితనంలో. పలక అంచు వంకరగా కోసి ఉంటే స్తంభానికి, పలకకు మధ్య 2 మి.మీ. సందు మిగులుతుంది. బయట గేజి 6 చూపిస్తుంది గాని, అందులో 2 సందు పూడ్చడానికే పోయింది. మిగిలిన 4కు గొంతు 2.8 మాత్రమే. ఒత్తిడి 223కు చేరి హద్దు దాటుతుంది. వెల్డు ముఖం లోపలికి గుంటపడినా ఇంతే, లెగ్ సరిగ్గా ఉంటుంది, గొంతు తగ్గుతుంది.

దీనికి చాలామందికి ముందుగా తోచే మందు లావుగా వెల్డు వేయడం. లెగ్‌ను 12 మి.మీ. చేస్తే ఒత్తిడి సగమవుతుంది, కాని త్రిభుజం వైశాల్యం పెరిగి నాలుగింతలు లోహం కరిగించాలి. ఆ వేడికి పలక వంకరపోవచ్చు కూడా. దానికి బదులు పలకనే లోతుగా తీసుకుని, అదే 6 మి.మీ. వెల్డును 300 మి.మీ. పొడవున వేస్తే లోహం రెండింతలే పడుతుంది. వంపును తట్టుకునే శక్తి పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 143 కాస్తా 36కు దిగుతుంది. లావు కన్నా పొడవే ఇక్కడ చవక, బలం కూడా.

రెండు వైపులా ఎందుకు, ఒకవైపు వేస్తే చాలదా? ఐటీఐ వెల్డింగ్ తరగతిలో చేసే ఒక పరీక్ష దీనికి జవాబు. ఒకవైపు మాత్రమే ఫిల్లెట్ వేసిన ముక్కను బల్లమీద పెట్టి, నిలువు పలకను వెల్డు ఉన్నవైపుకు సుత్తితో కొడతారు. పుస్తకం తెరుచుకున్నట్టు మూల విచ్చుకుని, టన్నుల బరువు మోయగల అతుకు విరిగిపోతుంది. లోహం మూల దాకా చేరిందో లేదో చూడటానికి కావాలనే చేసే పని ఇది. పక్కలకు ఊగే బరువు తగిలించిన ఒంటివైపు వెల్డుకు నిజ జీవితంలో జరిగేదీ ఇదే.

షెడ్డులోని ఆ బ్రాకెట్‌ను పరీక్షించేవారు ముందు చూడాల్సింది పై కొసనే. అక్కడ రంగు సన్నని గీతలా చీలినా, ఆ గీత నుంచి తుప్పు కారినా అనుమానించాలి. ఆ చోటును శుభ్రం చేసి ఎర్రని డై పూసి, కాసేపాగి తుడిచి, తెల్లని డెవలపర్ చల్లుతారు. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రగీత తేలుతుంది. అలా తేలితే దానిమీదే మరో పొర వెల్డు వేయకూడదు. పగులు అడుగు దాకా గ్రైండర్‌తో తీసేసి, సందు సరిచేసి, కొత్తగా వేయాలి. అప్పటిదాకా పుల్లీని దించి పక్కన పెట్టాలి.