చదరపు అడుగుల పక్కన మీ పని ఏది?

‘1,20,000 చదరపు అడుగుల అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో పనిచేశాను.’ యువ ఆర్కిటెక్టుల రెజ్యూమెల్లో ఇలాంటి వాక్యం తరచూ కనిపిస్తుంది. అంకె పెద్దదే. కానీ ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కావలసింది వేరు: అందులో మీరు గీసింది ఏమిటి?

ఆర్కిటెక్టు ఆఫీసులో ఒక భవనం చాలా చేతులు మారుతుంది. తొలి ఆలోచన ఒకరిది. మున్సిపల్ అనుమతి డ్రాయింగులు ఇంకొకరివి. మేస్త్రీ చేతికి వెళ్లే వర్కింగ్ డ్రాయింగులు మరో ఇద్దరివి. సైట్ చూసుకునేది మరొకరు. ఇవన్నీ వేర్వేరు నైపుణ్యాలు.

మూడేళ్ల అనుభవమున్న ఒకమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగానికి దరఖాస్తు చేస్తోందనుకుందాం. పై వాక్యాన్ని ఆమె ఇలా మార్చవచ్చు: ‘అపార్ట్‌మెంట్, సెల్లారు కాక 1,20,000 చదరపు అడుగుల నిర్మిత విస్తీర్ణం. ఐదుగురి బృందం. మెట్లు, బాత్రూముల వర్కింగ్ డ్రాయింగులు నావి. ఆరు నెలలు వారానికోసారి సైట్‌కి వెళ్లాను. నిర్మాణం పూర్తయింది.’ ఇప్పుడు ఆమెకు ఏ పని అప్పగించవచ్చో చదివేవారికి తెలుస్తుంది. దీని కిందే ‘2,400 చదరపు అడుగుల ఇల్లు, కాన్సెప్ట్ నుంచి గృహప్రవేశం దాకా నేనే’ అని ఉంటే, నా దృష్టిలో ఆ చిన్న ఇల్లే బరువైనది.

విస్తీర్ణం రాసేటప్పుడు స్థలం కొలతను, నిర్మిత విస్తీర్ణాన్ని కలపకూడదు. సెల్లారు పార్కింగు కలిపారో లేదో చెప్పాలి. అది చేరితే అంకె బాగా పెరుగుతుంది. విదేశీ సంస్థకు పంపేటప్పుడు చదరపు మీటర్లు కూడా ఇవ్వాలి: 1,20,000 చదరపు అడుగులంటే సుమారు 11,150 చదరపు మీటర్లు.

సాఫ్ట్‌వేర్ల పక్కన ఐదుకి నాలుగు నక్షత్రాలు పెట్టుకోవడం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ‘రెవిట్‌లో వర్కింగ్ డ్రాయింగులు, తలుపుల షెడ్యూళ్లు, స్కెచప్‌లో తొలి మోడళ్లు’ అంటే అర్థమవుతుంది. ఒకసారి నేర్చుకుని వదిలేసినవి రాయకండి. కొన్ని ఆఫీసులు ఇంటర్వ్యూ రోజే కంప్యూటర్ ముందు కూర్చోబెడతాయి.

పోర్ట్‌ఫోలియో లింకు పేరు కిందే ఉండాలి, చేత్తో టైపు చేయగలిగేంత పొట్టిగా ఉండాలి. రెజ్యూమెను ప్రింటు తీసి చదివేవాళ్లు ఇంకా ఉన్నారు. లోపల ఎనిమిది, పది పేజీలు చాలు. ప్రాజెక్టుల పేర్లు, వరుస రెజ్యూమెలో ఉన్నట్టే ఉండాలి. మెట్ల డ్రాయింగులు మీవైతే ఆ షీటే చూపించండి. వేరొకరు చేసిన రెండర్ పెడితే వారి పేరు రాయండి. పాత ఆఫీసు డ్రాయింగులకు ఆ ఆఫీసు అనుమతి తీసుకోండి. భారతదేశంలో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఉన్నవారే ఆర్కిటెక్టు అని రాసుకోవచ్చు కాబట్టి ఆ నంబరు కూడా అక్కడే ఇవ్వాలి.

డ్రైవ్‌లో పెట్టిన ఫైలు మీకు తెరుచుకుంటుంది, అవతలివారిని మాత్రం అనుమతి అడుగుతుంది. పంపేముందు మీ ఖాతా లేని వేరొకరి ఫోన్‌లో లింకు తెరిచి చూడండి.