బిర్యానీ మెతుకు విడివిడిగా నిలవడంలో సగం ఉడుకు పాత్ర

బోధన్ పరిసర గ్రామాలలో వరి సాగుదారులు విస్తరణ శాస్త్రవేత్తల ముందుంచే సందేహాలలో ఇది ఒకటి: "మా పొలంలో పండిన సన్నబియ్యంతో బిర్యానీ వండితే ముద్దవుతున్నది. దుకాణంలో కొన్న బియ్యంతో వండితే మెతుకు మెతుకు విడిగా వస్తున్నది. లోపం మా వడ్లలో ఉన్నదా, వంటలో ఉన్నదా?" ఈ ప్రశ్నకు "రకాన్ని బట్టి ఉంటుంది" అని చెప్పి ఊరుకోవడం సరికాదు. సమాధానం గింజలోని పిండిపదార్థానికి నీరు, వేడి ఎంతవరకు అందాయి, ఏ దశలో వాటిని ఆపాము అన్న దానిలో ఉన్నది. ఈ ఆపే పని రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి వడ్లను ఉడకబెట్టే ఉప్పుడు బియ్యం మిల్లులో, రెండవది బిర్యానీకి బియ్యాన్ని సగం ఉడికించి వార్చే గిన్నెలో.

మెత్తబడడం వేరు, ముద్దకట్టడం వేరు

ఈ రెండు లోపాలను వాడుకలో ఒకటిగానే చెప్పుకుంటారు గాని వీటి కారణాలు వేరు. మెత్తబడిన అన్నంలో మెతుకు ఆకారమే చెడిపోతుంది. కొనలు విచ్చుకుంటాయి, నడుమ చీలుతుంది, వేలితో తాకితే చిదిమిపోతుంది. గింజ భరించగల దానికన్నా ఎక్కువ నీరు లోపలికి చేరిందని, లేదా గింజలో ముందే పగుళ్లు ఉన్నాయని దీని అర్థం. ముద్దకట్టిన అన్నంలో మెతుకు చెక్కుచెదరదు గాని పక్క మెతుకును వదలదు. గింజల నుంచి గంజిలోకి దిగిన పిండిపదార్థం తిరిగి మెతుకుల మీద పలుచని పొరగా నిలిచి, చల్లారుతున్నప్పుడు జిగురుగా పనిచేస్తుంది. బియ్యాన్ని సరిగా కడగకపోయినా, తక్కువ ఎసరులో ఉడికించినా, వార్చిన అన్నాన్ని లోతైన గిన్నెలో కుప్పగా ఉంచినా ఈ పొర మందమవుతుంది.

అమైలోజ్ 20 నుంచి 25 శాతం వరకు ఉండే బియ్యం వండినప్పుడు మృదువుగా ఉంటూనే విడిపోగలదు. అంతకన్నా బాగా తక్కువైతే జిగురు పెరుగుతుంది. ఆ జిగురును వంట నేర్పుతో పూర్తిగా తొలగించలేము. అయితే అమైలోజ్ తగినంత ఉన్న బియ్యం కూడా కొత్తదైతే ముద్దవుతుంది. కోసిన తొలి నెలలలో గింజలోని కణాల గోడలు, పిండి రేణువుల చుట్టూ ఉండే మాంసకృత్తులు ఇంకా గట్టిపడవు. అందువల్ల పిండిపదార్థం సులభంగా గంజిలోకి జారుతుంది. నిల్వలో ఈ మాంసకృత్తుల మధ్య బంధాలు బలపడి, గింజ నీటిని పీల్చుకొని ఉబ్బినా పగలకుండా ఉంటుంది. ఇంటి కొత్త బియ్యానికి, దుకాణపు పాత బియ్యానికి మధ్య రైతు గమనించిన తేడాలో అధికభాగం ఇదే.

గిన్నెలో సగం ఉడుకు: ఒక లెక్క

అత్తెసరు అన్నంలో నీరంతా గింజకే చేరాలి. బిర్యానీలో అలా కాదు. గింజ పలుకుగా ఉండగానే గంజి వార్చి, మిగిలిన ఉడుకును దమ్‌లోని ఆవిరికి విడిచిపెడతాము. ఎప్పుడు వార్చాలన్నదే ఇక్కడ కీలకం. వంటవారు దీనిని "ముప్పాతిక ఉడుకు" అని అంచనాగా చెబుతారు. తూకంతో చూస్తే అది మరింత స్పష్టమవుతుంది.

13 శాతం తేమ ఉన్న కిలో బియ్యం తీసుకుందాము. అందులో పొడిపదార్థం 870 గ్రాములు. గంజిలోకి పోయే కొద్దిపాటి పిండిని లెక్కలోకి తీసుకోవడం లేదు. దమ్ పూర్తయిన అన్నంలో తేమ సుమారు 68 శాతం ఉండాలనుకుంటే దాని బరువు 2.7 కిలోలు అవుతుంది. బియ్యాన్ని 2 కిలోల బరువు వద్ద వారిస్తే తేమ 56 శాతం దాటి ఉంటుంది. అంటే అన్నం ఇంకా 700 గ్రాముల నీటిని తీసుకోగలదు. అడుగున కిలో మాంసం, పావుకిలో పెరుగు, కొంత కుంకుమపువ్వు పాలు ఉన్నాయనుకుందాము. మాంసం ఉడుకుతూ తన బరువులో దాదాపు నాలుగో వంతు నీటిని విడుస్తుంది. పెరుగు, పాలు కలిపితే మొత్తం 500 నుంచి 600 గ్రాముల నీరు వస్తుంది. అన్నంలోని ఖాళీకి ఇది సరిపోతుంది.

అదే బియ్యాన్ని మరికొన్ని నిమిషాలు ఉంచి 2.5 కిలోల వద్ద వారిస్తే మిగిలే ఖాళీ 200 గ్రాములే. అడుగు నుంచి వచ్చే నీరు మాత్రం తగ్గదు. ఆ అదనపు నీటితో అడుగు వరుస మెతుకులు పగిలి మెత్తబడతాయి, వాటి నుంచి వచ్చిన పిండి పై వరుసను అంటిస్తుంది. దమ్‌లో జరిగిందనిపించే ఈ లోపం వార్చే ముందే జరిగిపోయింది.

విద్యార్థులు దీనిని సులభంగా పరీక్షించవచ్చు. అరగంట నానబెట్టి ఉడికించే బియ్యంతో పాటు, 100 గ్రాముల బియ్యాన్ని పలుచని గుడ్డలో వదులుగా మూటకట్టి అదే విధంగా నానబెట్టి, అదే ఎసరులో వేయాలి. నిమిషానికొకసారి తీసి, నీరు కారనిచ్చి, గుడ్డ బరువు పోగా తూచాలి. 200 గ్రాములు దాటగానే వార్చాలి. తూకం లేకపోతే పది మెతుకులను రెండు గాజుపలకల మధ్య నొక్కి చూడాలి. ప్రతి మెతుకు నడుమ సన్నని తెల్లని పలుకు కనిపిస్తే అది సరైన దశ. పలుకు పూర్తిగా మాయమైతే ఆలస్యమైనట్లే. గడియారాన్ని నమ్మడం కన్నా ఇది మేలు. రకం, నిల్వ కాలం, నానబెట్టిన సమయాన్ని బట్టి నిమిషాలు మారతాయి గాని ఈ గుర్తు మారదు.

మిల్లులో సగం ఉడుకు

నిజాంసాగర్ ఆయకట్టులో ఒకప్పుడు చెరకు ప్రధానంగా ఉండేది. చెరకు తగ్గుతూ, 2015లో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడిన తరువాత వరి ప్రాధాన్యం ఇంకా పెరిగింది. యాసంగి వరి ఎండలు ముదిరిన ఏప్రిల్, మే నెలలలో కోతకు వస్తుంది. పొలంలోనే బాగా ఎండిన గింజ మీద మంచు గాని, అకాల వర్షం గాని పడితే పైపొర ఉబ్బుతుంది. లోపలి భాగం పొడిగానే ఉంటుంది. ఆ ఒత్తిడికి గింజలో అడ్డపగుళ్లు పడతాయి. పచ్చిబియ్యంగా మరపట్టినప్పుడు అటువంటి గింజ నూకగా మారుతుంది. మరలో విరగకుండా మిగిలినది ఎసరులో విరుగుతుంది. ఆ పిండే బిర్యానీని ముద్ద చేస్తుంది.

ఈ పగుళ్లను పూడ్చేదే వడ్లను ఉడకబెట్టడం. వడ్లను వేడినీటిలో నానబెట్టి తేమను 30 శాతం దగ్గరకు తెచ్చి, ఆవిరి పట్టి, మళ్లీ 14 శాతం లోపుకు ఆరబెడతారు. పొట్టు లోపలే పిండి రేణువులు ఉబ్బి ఒకదానితో ఒకటి కలిసిపోయి పగుళ్లను మూసివేస్తాయి. చల్లారినప్పుడు ఆ పిండి గట్టిపడుతుంది. అందువల్ల ఉప్పుడు బియ్యం ఎసరులో ఆలస్యంగా ఉడుకుతుంది, పిండిని తక్కువగా విడుస్తుంది, కొంచెం ఎక్కువసేపు ఉంచినా మెతుకు నిలబడుతుంది. పెద్ద వంటలలో 'సేలా' బాస్మతిని ఎంచుకోవడానికి కారణం ఇదే. అది కూడా ఉడకబెట్టిన వడ్ల నుంచి వచ్చిన బియ్యమే. దీనికి పరిమితులున్నాయి. రంగు లేతపసుపుకు మారుతుంది, సహజ సువాసన కొంత తగ్గుతుంది, మసాలా లోపలికి అంతగా దిగదు.

రైతుకు చెప్పవలసినది

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, ఇంటి సన్నబియ్యంతో బిర్యానీ వండదలచిన రైతు వడ్లను గింజలో 20 నుంచి 22 శాతం తేమ ఉన్నప్పుడే కోసి, నీడపట్టున నెమ్మదిగా ఆరబెట్టుకోవాలి. ఆ వడ్లను కనీసం ఆరు నెలలు నిల్వ ఉంచి మరపట్టించాలి. కొత్త బియ్యమే వాడవలసి వస్తే ఎసరు పుష్కలంగా పెట్టి, పలుకు స్పష్టంగా ఉన్నప్పుడే వార్చి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచి ఆవిరి పోనివ్వాలి. అప్పటికీ మెతుకులు విరుగుతుంటే వండని బియ్యాన్ని గుప్పెడు తీసుకొని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. గింజలలో అడ్డగీతలు కనిపిస్తే లోపం వంటలో లేదు, కోత ఆలస్యమైన పొలంలోనే ఉన్నది. వచ్చే పంటలో సరిదిద్దుకోవలసినది కోత తేదీని.